సెర్చ్‌లో ముందు ఎవరు, వెనక ఎవరు – పాఠం 3: లింకుల బరువు చేత్తో లెక్కకట్టడం

మొదటి పాఠంలో సెర్చ్ ఇంజిన్ పంపే బాటు అనే ప్రోగ్రామ్ పేజీలను ఎలా వెతికి తెచ్చుకుంటుందో చూశాం. రెండో పాఠంలో ఆ పేజీల్లోని మాటలను సూచికలో ఎలా సర్దుకుంటుందో చూశాం. ఇక అసలు చిక్కు ఇక్కడుంది. ‘గోంగూర పచ్చడి’ అని కొట్టగానే ఆ మాటలున్న పేజీలు సూచికలో కుప్పలుగా బయటపడతాయి. మొదటి పేజీలో పట్టేవి పది. ఆ పదీ ఏవో తేల్చే లెక్కలు చాలా ఉన్నాయి. వాటిలో చేత్తో వేసి చూడగలిగింది, చాలామంది మంచి సైట్లను వెనక్కి నెట్టేది, లింకుల లెక్క. కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

బెంగళూరు మారతహళ్లిలో ఇంటి పచ్చళ్లు అమ్మే దుకాణం ఒకటుందనుకుందాం. చుట్టూ పీజీ హాస్టళ్లు, వాటినిండా మనవాళ్లే. దుకాణానికి నాలుగు పేజీల సైటు ఉంది: హోమ్, పచ్చళ్ల జాబితా, ఆవకాయ, గోంగూర. గోంగూర పేజీలో ఆకు ఎక్కణ్ణుంచి తెస్తారు, నూనె ఏది, ఎన్నాళ్లు నిలవుంటుంది, కిలో ఎంత అన్నీ శ్రద్ధగా రాశారు. అయినా `gongura pachadi marathahalli` అని వెతికితే అది మూడో పేజీలో ఎక్కడో ఉంది. ముందున్నవాటిలో కొన్ని రెండు వాక్యాలు, ఒక ఫోన్ నంబరు తప్ప ఏమీ లేని డైరెక్టరీ పేజీలు. సెర్చ్ ఇంజిన్‌కు నాలుక లేదు, పచ్చడి రుచి దానికి తెలీదు. ఏ పేజీని ఎవరు చూపిస్తున్నారన్నది మాత్రం తెలుసు.

ఈ ఆలోచనను 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో చదువుతూ లెక్కగా రాశారు. దాని పేరే పేజ్‌ర్యాంక్. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇస్తే తన బరువులో కొంత దానికి పంచినట్టు. మూడు లింకులిస్తే బరువు మూడు వాటాలవుతుంది. చదివేవాళ్లలో నూటికి 85 మంది ఏదో ఒక లింకు నొక్కుతూ పోతారని, 15 మంది విసిగిపోయి ఎక్కడో ఒక పేజీకి దూకుతారని ఇందులో ఊహ. అందుకే సూత్రంలో 0.85 ఉంటుంది. ఇప్పుడు వాడే లెక్క దీన్ని చాలా మార్చుకుంది, దానికి తోడు ఇంకెన్నో కలిశాయి. కానీ కుదురు ఇదే.

```
PR(p) = 0.15/N + 0.85 × Σ PR(q)/L(q)
```

PR(p) అంటే p అనే పేజీ బరువు. N అంటే మొత్తం పేజీలు, మనకు 4. q అంటే p కి లింకు ఇస్తున్న పేజీ, L(q) అంటే ఆ పేజీ మొత్తం ఇస్తున్న లింకులు. Σ అంటే అలా లింకు ఇస్తున్న పేజీలన్నిటి వాటాలనూ కూడమని. 0.15ని 4తో భాగిస్తే 0.0375. ఎవరూ లింకు ఇవ్వకపోయినా ప్రతి పేజీకీ దక్కే గుక్కెడు ఇదే.

మన సైటులో లింకులు ఇలా ఉన్నాయనుకోండి. హోమ్ జాబితాకు మాత్రమే ఇస్తుంది. జాబితా మూడింటికి ఇస్తుంది: హోమ్, ఆవకాయ, గోంగూర. ఆవకాయ, గోంగూర రెండూ తిరిగి హోమ్‌కే ఇస్తాయి. మొదట నాలుగు పేజీలకూ సమానంగా 0.25 వేయండి. మొదటి చుట్టులో హోమ్‌కు జాబితా నుంచి 0.25లో మూడో వంతు, అంటే 0.083 వస్తుంది. ఆవకాయ నుంచి 0.25, గోంగూర నుంచి 0.25. కలిపితే 0.583. దాన్ని 0.85తో హెచ్చించి 0.0375 కలిపితే హోమ్ బరువు 0.533. అలాగే జాబితాకు 0.25, ఆవకాయకు, గోంగూరకు తలా 0.108 వస్తాయి. నాలుగూ కూడి చూడండి, 1 రావాలి. దశాంశాలు కుదించాం కాబట్టి 0.999 వచ్చినా సరే. రాకపోతే ఎక్కడో వాటా వదిలేశారు. ఎక్కువగా జరిగే తప్పు ఏ లింకూ ఇవ్వని పేజీని మరిచిపోవడం. దానిలోకి వెళ్లిన బరువు బయటికి రాక మొత్తం తగ్గిపోతుంది.

వచ్చిన అంకెలను మళ్లీ సూత్రంలో పెట్టి తిప్పుతూ పోతే కాసేపటికి మార్పు ఆగుతుంది. ఆగిన చోట హోమ్ 0.37, జాబితా 0.35, ఆవకాయ 0.14, గోంగూర 0.14. అమ్మాల్సిన పచ్చళ్ల పేజీలేమో తేలిక, దారి చూపే పేజీలేమో బరువు. చిన్న సైట్లలో తరచూ కనిపించే తీరు ఇది.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. హోమ్ పేజీలోనే ‘ఈ వారం గోంగూర’ అని గోంగూర పేజీకి నేరుగా లింకు పెట్టాం. అంటే హోమ్ బరువు ఇకపై రెండు వాటాలు. మళ్లీ తిప్పితే హోమ్ 0.41, జాబితా 0.21, గోంగూర 0.27, ఆవకాయ 0.10. ఒక్క లింకుతో గోంగూర దాదాపు రెట్టింపైంది. ఆవకాయ ఎందుకు తగ్గిందో గమనించండి. దానికి బరువు జాబితా నుంచే వస్తుంది, ఆ జాబితాకేమో హోమ్ నుంచి వచ్చేది దాదాపు సగమైంది. హోమ్ పేజీలో పాతిక లింకులు కుక్కితే ఏ పేజీకీ చెప్పుకోదగ్గ వాటా రాదు. అందుకని సీజన్‌లో ఉన్న పచ్చళ్లు మూడో నాలుగో చాలు.

లెక్క కుదిరింది కదా, మరి అసలు దుకాణం సైటులో గోంగూర బరువు 0.14 అయినా ఉందా? ఉండకపోవచ్చు. రెడీమేడ్ డిజైన్లతో చేసిన సైట్లలో పచ్చడి బొమ్మలున్న గళ్లు చాలాసార్లు ఇలా రాసి ఉంటాయి:

```html
<div onclick="location.href='/gongura'">గోంగూర</div>
```

మనం నొక్కితే గోంగూర పేజీ వస్తుంది కాబట్టి లింకు ఉన్నట్టే అనిపిస్తుంది. గూగుల్ బాటు గళ్లను నొక్కదు. అది `href` ఉన్న `<a>` కోసం చూస్తుంది. పైదాంట్లో అది లేదు కాబట్టి బాటు లెక్కలో జాబితా నుంచి గోంగూరకు లింకే లేదు. బరువు 0.14 కాదు, ఆ గుక్కెడు 0.0375 మాత్రమే. రాయాల్సింది ఇలా:

```html
<a href="/gongura">గోంగూర పచ్చడి</a>
```

కోడ్ తెరవకుండానే దీన్ని పట్టుకోవచ్చు. ఫోన్‌లో ఆ గడి మీద వేలు నొక్కి పట్టుకోండి. కొత్త ట్యాబ్‌లో తెరవమంటారా అని మెనూ వస్తే అది నిజమైన లింకు. ఏమీ రాకపోతే, లేదా బొమ్మను దాచుకోమని మాత్రమే అడిగితే, అనుమానించాల్సిందే. మెనూ వచ్చినా కొత్త ట్యాబ్‌లో అదే పేజీ మళ్లీ తెరుచుకుంటే `href="#"` అని ఖాళీగా వదిలేశారన్నమాట. అది కూడా పనికిరాదు.

రెండో సాక్ష్యం సెర్చ్ కన్సోల్‌లో, అంటే సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే పనిముట్టులో దొరుకుతుంది. పైన ఉన్న పెట్టెలో గోంగూర పేజీ పూర్తి చిరునామా వేసి, వచ్చిన వివరాల్లో `Referring page` దగ్గర ఏముందో చూడండి. `None detected` అని ఉంటే, ఆ పేజీకి దారి చూపిన పేజీ ఏదీ గూగుల్ దగ్గర నమోదు కాలేదు. అప్పుడు పక్కనున్న `Links` నివేదికలో సైటు లోపలి లింకుల పట్టిక తెరవండి. అందులో హోమ్ పైన, గోంగూర అట్టడుగున ఉన్నా, అసలే లేకపోయినా, రోగం ఖాయమైనట్టే.

‘సైట్‌మ్యాప్‌లో పెట్టాం కదా’ అంటారు చాలామంది. సైట్‌మ్యాప్ అంటే బాటు కోసం సైటు పేజీల చిరునామాలు రాసిపెట్టే ఫైలు. అది ఆ పేజీ ఉందని చెబుతుంది, అంతే. పెళ్లి పత్రికల చిరునామాల చీటీలో పేరున్నంత మాత్రాన పందిట్లో ముందు వరుస కుర్చీ దక్కదు. పేజీ సూచికలోకి చేరొచ్చు గానీ బరువు చేరదు, అందుకే మూడో పేజీలో కూర్చుంటుంది.

లింకు మీద ఏ మాటలు రాశామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ‘ఇక్కడ నొక్కండి’ అని రాసిన లింకు, అవతలి పేజీ దేని గురించో చెప్పదు. ‘గోంగూర పచ్చడి’ అని రాస్తే చెబుతుంది. బొమ్మే లింకైతే, ఆ బొమ్మలో ఏముందో చెప్పడానికి కోడ్‌లో ఉండే `alt`లో రాసిన మాటలను ఆ స్థానంలో తీసుకుంటారు. బొమ్మ పేరు `IMG_2041` అని వదిలేసి `alt` ఖాళీగా ఉంచితే ‘ఇక్కడ నొక్కండి’ కన్నా అధ్వానం.

సైటు లోపల ఎంత సర్దినా మన నాలుగు పేజీల లోకంలో మొత్తం 1 దాటలేదని చూశారు. ఒకదానికి పెంచితే ఇంకోదానికి తగ్గింది. మొత్తం పెరగాలంటే బయటి పేజీ ఒకటి బరువు తేవాలి. డైరెక్టరీలు ముందుండటానికి ఒక పెద్ద కారణం అదే. వాటికి బయటి నుంచి ఏళ్ల తరబడి లింకులు వచ్చి పడుతుంటాయి, ఆ బరువులోంచి కొంత లోపలి చిన్న పేజీలకూ దిగుతుంది. మన దుకాణానికి దారి ఏమిటంటే, నిజంగా సంబంధమున్నవాళ్లు. ఉగాదికి పచ్చళ్లు తెప్పించుకున్న అపార్ట్‌మెంట్ తెలుగు సంఘం తన సైటులో ఆ వేడుక గురించి రాస్తే, అందులో దుకాణం పేజీకి ఒక లింకు అడగడంలో తప్పులేదు. వరుసలో పైకి రావడానికి డబ్బిచ్చి లింకులు కొనడం మాత్రం గూగుల్ నియమాలకు విరుద్ధం. 2012లో గూగుల్ లెక్కలో పెంగ్విన్ అనే మార్పు వచ్చింది ఇలాంటి లింకులను పట్టుకోవడానికే. ‘వెయ్యి లింకులు ఇంతకే’ అని వాట్సాప్‌లో వచ్చే బేరాలకు పెట్టే డబ్బుతో పది కిలోల గోంగూర కొనుక్కోవడం మేలు.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన పని ఇది. మీ సైటులో ఒక పేజీ ఎంచుకుని లింకు సరిచేయండి. సెర్చ్ కన్సోల్‌లో `Request indexing` ఒక్కసారి నొక్కండి, పదిసార్లు నొక్కినా వేగం పెరగదు. బాటు మళ్లీ రావడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టొచ్చు. `Performance` నివేదికలో ఆ పేజీని, వెతికిన మాటను రెండింటినీ ఫిల్టర్‌లో పెట్టి ఇవాళ్టి సగటు స్థానం రాసుకోండి. ఫిల్టర్ లేకుండా కనిపించే సగటు అన్ని మాటలదీ కలిపి వచ్చింది, దాన్ని నమ్మితే మోసపోతారు. 27 అని ఉంటే పదేసి చొప్పున మూడో పేజీ అన్నమాట. మీ ఫోన్‌లో మీరే వెతికి చూసుకున్న స్థానాన్ని రాసుకోవద్దు. ఇన్‌కాగ్నిటోలో వెతికినా మీరున్న చోటు దానికి తెలుస్తుంది, మారతహళ్లిలో నిలబడి వెతికినవారికి, యశవంతపురలో నిలబడి వెతికినవారికి వరుస ఒకటే రాదు.

స్థానంతో పాటు జనం ఏమని వెతికి మీ పేజీ దాకా వచ్చారో ఆ మాటల పట్టిక కూడా తీసిపెట్టుకోండి. `gongura`, `gongoora`, తెలుగు లిపిలో గోంగూర, కన్నడవాళ్ల పుండి సొప్పు, ఇవన్నీ ఒకే ఆకు. సెర్చ్ ఇంజిన్ వీటిలో ఎన్నింటిని ఒకటిగా పోల్చుకుంటుందో నాలుగో పాఠంలో ఆ పట్టికతోనే చూస్తాం.