నల్లమల కాలినడకకు ముందు: టవర్ లేని చోట ఫోన్ జీపీఎస్‌తో జాగ్రత్తలు

శివరాత్రికి, ఉగాదికి కర్నూలు మీదుగా శ్రీశైలానికి నడిచి వెళ్లేవాళ్లు ఆత్మకూరు దాటాక వెంకటాపురం దగ్గర అడవిలోకి ప్రవేశిస్తారు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా సాగే ఆ దారిలో చాలాచోట్ల ఫోన్‌లో టవర్ ఉండదు. అప్పుడు గుంపులో ఒకరు "టవర్ పోయింది, ఇంక మ్యాప్ కూడా పనిచేయదు" అంటారు. ఇంకొకరు "ఏం కాదులే అన్నా, పైనుంచి శాటిలైట్ మనల్ని చూస్తానే ఉంటుంది" అని ధైర్యం చెబుతారు. రెండు మాటలూ తప్పే. రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే ఆ ధైర్యంతో మనిషి గుంపును వదిలి ముందుకు పోతాడు.

జీపీఎస్ శాటిలైట్ ఎవరినీ చూడదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ "ఇప్పుడు సమయం ఇంత, నేను ఫలానా చోట ఉన్నాను" అని ప్రసారం చేస్తూ పోతుంది, అంతే. రేడియో స్టేషన్‌కు ఎవరెవరు వింటున్నారో తెలియనట్టే, మన ఫోన్ ఒకటి కింద ఉందని దానికి తెలియదు. లెక్కంతా ఫోన్ చేసుకుంటుంది. సిగ్నల్ బయలుదేరిన సమయానికీ తనకు చేరిన సమయానికీ తేడా చూస్తుంది. ఆ తేడా సెకనులో పదిహేనో వంతో, అంతకు కొంచెం పైనో ఉంటుంది. దాన్ని సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల కాంతి వేగంతో గుణిస్తే ఆ శాటిలైట్ ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. మూడు శాటిలైట్ల దూరాలు తెలిస్తే మనం ఎక్కడున్నామో తేలిపోవాలి. కానీ శాటిలైట్‌లో ఉండేది పరమాణు గడియారం, ఫోన్‌లో ఉండేది మామూలు గడియారం. సెకనులో పది లక్షలో వంతు తప్పినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఫోన్ గడియారం ఎంత తప్పిందో కూడా కనిపెట్టాలి కాబట్టి కనీసం నాలుగు శాటిలైట్లు వినిపించాలి. ఇందులో ఎక్కడా సెల్ టవర్ అవసరం లేదు.

మరి టవర్ పోయాక లొకేషన్ ఎందుకు ఆలస్యంగా వస్తుంది? శాటిలైట్ తాను కచ్చితంగా ఎక్కడుందో చెప్పే కక్ష్య వివరాలను కూడా సిగ్నల్‌లోనే పంపుతుంది. పంపే వేగం సెకనుకు 50 బిట్లు మాత్రమే. ఆ వివరాలు 30 సెకన్లకు ఒకసారి తిరిగి వస్తుంటాయి. ఊళ్లో ఉన్నప్పుడు ఫోన్ ఇంత ఓపిక పట్టదు, ఆ వివరాలను ఇంటర్నెట్ నుంచి క్షణంలో తెచ్చుకుంటుంది. అందుకే కర్నూలులో మ్యాప్ తెరవగానే నీలం చుక్క వచ్చేస్తుంది. అడవిలో ఆ సాయం ఉండదు. పైగా ఒకసారి అందుకున్న కక్ష్య వివరాలు సుమారు నాలుగు గంటలే పనికొస్తాయి.

ఈ నాలుగు గంటల సంగతి గుర్తు పెట్టుకుంటే చాలా టెన్షన్ తప్పుతుంది. మీరు రాత్రి పెద్దచెరువు దగ్గర ఆగి, బ్యాటరీ మిగలాలని ఫోన్ ఆపేశారనుకుందాం. తెల్లవారుజామున నడుస్తూ ఫోన్ ఆన్ చేశారు. నిన్నటి వివరాలకు కాలం చెల్లింది, టవర్ లేదు. ఫోన్ ఒక్కో శాటిలైట్ నుంచి కొత్త వివరాలను మొదటి నుంచి వినాలి. ఆ అర నిమిషంలో మీరు ఒక మాను కిందికి పోతే సిగ్నల్ మధ్యలో తెగుతుంది, తెగిన భాగం కోసం మళ్లీ వచ్చే చుట్టు దాకా ఆగాలి. ఇలా నడుస్తూ పోతే ఐదు నిమిషాలైనా చుక్క నిలవకపోవచ్చు. కాబట్టి బయలుదేరే ముందే ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్‌ను చేతిలో పట్టుకుని రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడండి. సంచిలో, నడుముకు కట్టిన గుడ్డలో ఉంచితే లెక్కలోకి రాదు. ఇంటి నుంచి వెళ్లేటప్పుడు కూడా వెంకటాపురంలో నెట్ ఉండగానే ఒకసారి మ్యాప్ తెరిచి చుక్క నిలిచేదాకా చూడండి.

తర్వాతి జాగ్రత్త లోయల గురించి. శివరాత్రి, ఉగాది నాటికి నల్లమలలో చాలా చెట్లు ఆకు రాల్చి ఉంటాయి కాబట్టి గుట్ట మీద ఆకాశం బాగానే తెరిచి ఉంటుంది, తప్పు కొద్ది మీటర్లకు మించకపోవచ్చు. భీముని కొలను లాంటి లోయలోకి దిగాక అలా కాదు. రెండు పక్కలా కొండ అడ్డం కావడంతో నెత్తిమీద ఉన్న కొన్ని శాటిలైట్లే నేరుగా వినిపిస్తాయి. మిగతావాటి సిగ్నల్ రాతిగోడకు తగిలి చుట్టు తిరిగి వస్తుంది. ఆ ఎక్కువ దూరాన్ని ఫోన్ నిజమనుకుంటుంది, చుక్క దారి వదిలి కొండ అవతలికి గెంతుతుంది. అలా గెంతినప్పుడు దాని వెంట పోకండి. చుక్క చుట్టూ లేత నీలం వృత్తం పెద్దగా ఉంటే ఫోనే తన లెక్క మీద తనకు నమ్మకం లేదని చెబుతున్నట్టు. గూగుల్ మ్యాప్స్‌లో చుక్క బూడిద రంగులో ఉంటే అది పాత లొకేషన్. అలాంటప్పుడు కాలిదారిని, ముందు నడిచేవాళ్లను నమ్మండి. పైకి ఎక్కాక మళ్లీ చూసుకోవచ్చు.

మ్యాప్ బొమ్మ వేరు, లొకేషన్ వేరు. చుక్క సరిగ్గా ఉన్నా, బొమ్మను ముందే ఆఫ్‌లైన్‌గా దించుకోకపోతే ఖాళీ తెర మీద చుక్క ఒక్కటే కనిపిస్తుంది. దించుకున్నా గూగుల్ మ్యాప్స్ నెట్ లేకుండా నడక దారి చెప్పదు.

బ్యాటరీ కోసం లొకేషన్ ఆపేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అడవిలో బ్యాటరీని బాగా తినేవాటిలో దొరకని టవర్ కోసం ఫోన్ చేసే వెతుకులాట ఒకటి. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెడితే ఆ వెతుకులాట ఆగుతుంది, ఇప్పటి ఫోన్లలో చాలావరకు జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది. మీ ఫోన్‌లో పనిచేస్తుందో లేదో ఇంటి మిద్దె మీదే పరీక్షించుకోండి.

చివరిది, ఎవరికైనా దెబ్బ తగిలినా దారి తప్పినా లొకేషన్ చెప్పడం. ఫోన్‌కు తెలిసింది బయటివాళ్లకు తెలియాలంటే మాత్రం టవర్ కావాలి. మ్యాప్‌లో చుక్క మీద వేలు నొక్కిపట్టి, కనిపించే అక్షాంశ, రేఖాంశాల అంకెలు కాగితం మీద రాసుకుని, టవర్ అందే ఎత్తుకు ఇద్దరు వెళ్లి 112కు ఫోన్ చేయాలి. అంకెలను చదివే తీరులోనే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఉదాహరణకు తెర మీద ఇలా ఉందనుకోండి:

```
16.0512, 78.8604
```

దీన్ని "పదహారు డిగ్రీల ఐదు నిమిషాలు" అని చదివితే, నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు కాబట్టి, అవతలివాళ్లు సుమారు 3.6 కిలోమీటర్లు ఉత్తరంగా వెతుకుతారు. అసలు చోటు శ్రీశైలం గుడికి దక్షిణాన రెండున్నర కిలోమీటర్ల దగ్గర ఉంటే, వెతికేవాళ్లు గుడి దాటి అవతలికి పోతారు. అందుకే "పదహారు పాయింట్ సున్నా ఐదు ఒకటి రెండు" అని ఒక్కో అంకె పలకండి, వాళ్ల చేత తిరిగి చెప్పించుకోండి. పాయింట్ తర్వాత నాలుగు అంకెలు చెబితే తేడా పదకొండు మీటర్ల లోపే.

మాట తెగిపోతుంటే ఇంటివాళ్లకో గుంపు పెద్దకో అవే అంకెలు ఎస్సెమ్మెస్ చేయండి. బలహీనమైన సిగ్నల్‌లో మాట కంటే అది వెళ్లే అవకాశం ఎక్కువ. ఆ మెసేజ్ గంటల తర్వాత చేరవచ్చు కాబట్టి అంకెల పక్కనే చూసిన సమయం, అక్కడే ఉంటారా కదులుతున్నారా అన్నదీ రాయండి.