అరబీలో మాట చివర సర్వనామాన్ని చేర్చడం ఎలా?

హైదరాబాదులో ప్రతిరోజూ వినబడే 'అస్సలాము అలైకుమ్' అనే పలకరింపులో ఒక చిన్న వ్యాకరణ పాఠం ఉంది. 'అలా' అంటే 'మీద', 'కుమ్' అంటే 'మీ'. ఈ రెండూ కలిస్తే 'అలాకుమ్' అని రావలసింది, 'అలైకుమ్' అని వచ్చింది. మన 'ఇల్లు'కు 'కి' చేరితే 'ఇల్లుకి' కాకుండా 'ఇంటికి' అయినట్టే, అరబీలోనూ ప్రత్యయం వచ్చి చేరగానే ముందున్న మాట తన రూపాన్ని కొంత మార్చుకుంటుంది. మార్పు ఎక్కడ వస్తుందో, ఎందుకు వస్తుందో తెలిస్తే, ఒక్కొక్క రూపాన్ని విడిగా బట్టీ పట్టవలసిన పని ఉండదు.

ముందుగా ప్రత్యయాలను నోటికి తెచ్చుకోవాలి. 'ఈ' నాది, 'క' మగవాడైన నీది, 'కి' స్త్రీవైన నీది, 'హు' అతనిది, 'హా' ఆమెది, 'నా' మాది, 'కుమ్' మీది, 'హుమ్' వారిది. ఇద్దరికి వాడేవి, స్త్రీల బహువచనానికి వాడేవి వేరే ఉన్నాయి గాని, ఆరంభంలో ఈ ఎనిమిది చాలు. 'మన', 'మా' అనే తేడా అరబీలో లేదు, రెండింటికీ 'నా' ఒక్కటే. నామవాచకానికి చేరితే ఇవి 'అతని, మీ' అనే అర్థాన్నీ, క్రియకు చేరితే 'అతన్ని, మిమ్మల్ని' అనే అర్థాన్నీ ఇస్తాయి.

ఇక నామవాచకంతో మొదలుపెడదాం. 'కితాబున్' అంటే ఒక పుస్తకం. చివరనున్న 'న్' అనే తన్వీన్‌ను తీసివేసి 'హు' చేర్చితే 'కితాబుహు', అతని పుస్తకం. ప్రత్యయమే మాటను నిశ్చితం చేస్తుంది కాబట్టి ముందు 'అల్' పెట్టకూడదు. 'అల్‌కితాబుహు' అన్నది తప్పు. బహువచనంలో 'ఊన' అని ముగిసే మాటలు చివరి 'న'ను కూడా వదులుకుంటాయి. 'ముఅల్లిమూన' అంటే ఉపాధ్యాయులు. 'ముఅల్లిమూహు' అంటే అతని ఉపాధ్యాయులు.

తరువాత మాట చివరి అక్షరాన్ని పరిశీలించాలి. రాతలో తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. 'సయ్యార' అంటే కారు. దాని చివర 'తా మర్బూతా' ఉంటుంది, అంటే 'హా' ఆకారం మీద రెండు చుక్కలు. ఆ అక్షరం మాట చివరనే ఉండగలదు. ప్రత్యయం వచ్చి చివరి స్థానాన్ని తీసుకోగానే అది మామూలు 'తా'గా మారుతుంది, ఉచ్చారణలోనూ 'త' స్పష్టంగా వినబడుతుంది: 'సయ్యారతుహు'. ఆ రెండు చుక్కలను నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో 'కితాబుహు'లోనే చూడవచ్చు. దాన్ని కాఫ్, తా, అలిఫ్, బా, చుక్కల్లేని హా అని రాస్తారు. చివరి హా మీద రెండు చుక్కలు పెడితే అది 'కితాబ' అవుతుంది, అంటే 'రాయడం' అనే వేరే మాట.

చుక్కల్లేని 'యా'తో ముగిసే 'ముస్తష్‌ఫా' (ఆసుపత్రి) వంటి మాటల్లో ఆ చివరి అక్షరం నిలువు అలిఫ్‌గా మారుతుంది, పలుకు మాత్రం మారదు: 'ముస్తష్‌ఫాహు'. గొంతు బిగపట్టి వదిలే ధ్వనిని సూచించే 'హమ్‌జా' అనే గుర్తుతో ముగిసే మాటల్లో హమ్‌జా కూర్చునే పీఠం అచ్చును బట్టి మారుతుంది. 'అస్దికా' అంటే స్నేహితులు. ప్రథమా విభక్తిలో 'అస్దికాఉహు' అంటే హమ్‌జా వావ్ మీదికి, షష్ఠిలో 'అస్దికాఇహి' అంటే యా మీదికి చేరుతుంది. ద్వితీయలో 'అస్దికాఅహు' అన్నప్పుడు మాత్రం ఏ పీఠమూ లేకుండా విడిగా నిలుస్తుంది.

పై మాటలోనే ఒకచోట 'హు' అని, మరొకచోట 'హి' అని వచ్చింది. ముందు 'ఇ', 'ఈ', 'ఐ' ధ్వనులు ఉంటే 'హు' 'హి'గానూ, 'హుమ్' 'హిమ్'గానూ మారుతాయి: 'ఫీహి' (అందులో), 'ఇలైహిమ్' (వారి వద్దకు). 'హా', 'కుమ్' మాత్రం ఎన్నడూ మారవు. ఖురాన్ చదివేవారు నలభై ఎనిమిదో సూరా పదో వాక్యంలో 'అలైహుల్లాహ' అని విని ఆశ్చర్యపడవచ్చు. హఫ్స్ పఠన సంప్రదాయంలో అది నిలిచిపోయిన అరుదైన రూపం, రాయడానికి నమూనా కాదు.

'ఈ' (నా) ప్రత్యయానికి ఒక ప్రత్యేకత ఉంది. అది ముందున్న విభక్తి అచ్చును మింగేస్తుంది కనుక 'కితాబీ' మూడు విభక్తుల్లోనూ ఒకేలా ఉంటుంది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారికి బాగా తెలిసిన 'హబీబీ' కూడా ఇలాంటిదే. దీర్ఘమైన 'ఆ' తరువాత 'ఈ' 'య' అవుతుంది. ఖురాన్‌లో మూసా తన కర్రను చూపి చెప్పిన 'అసాయ' (నా చేతికర్ర) అలా ఏర్పడిందే.

విభక్తి అవ్యయాలలో 'ఇలా', 'అలా', 'లదా' అనేవి ప్రత్యయం ముందు 'ఇలై', 'అలై', 'లదై' అవుతాయి. చుక్కల్లేని యా అక్కడ రెండు చుక్కల నిజమైన యాగా మారుతుంది. 'కు' అనే అర్థమిచ్చే 'లి' 'ల'గా మారి 'లహు', 'లక' అవుతుంది, 'నాకు' అన్నప్పుడు మాత్రం 'లీ'గానే ఉంటుంది. 'బి' ఎప్పుడూ మారదు: 'బిహి', 'బిక'. స్త్రీని ఉద్దేశించి 'లకి' (నీకు) అన్నప్పుడు చివర 'ఇ'ని సూచించే జేర్ గుర్తు మాత్రమే ఉండాలి. దాని బదులు యా అక్షరాన్ని రాసేవారు చాలామంది ఉన్నారు. అలా రాస్తే అది 'లికై' అవుతుంది, అంటే 'కోసమని' అనే వేరే మాట.

క్రియలలో 'నన్ను' అనడానికి 'ఈ' కాదు, 'నీ' చేర్చాలి: 'సఅల' (అడిగాడు), 'సఅలనీ' (నన్ను అడిగాడు). నేరుగా 'ఈ' చేర్చితే క్రియ చివరి 'అ' పోతుంది కాబట్టి దాన్ని కాపాడడానికి మధ్యలో ఒక 'న' వస్తుంది. వ్యాకరణవేత్తలు దాన్ని 'నూన్ అల్‌వికాయ', అంటే రక్షణ నూన్ అన్నారు. 'మిన్' (నుంచి) చివరనున్న పొల్లు కూడా చెడకుండా 'మిన్నీ' కావడానికి కారణం అదే. 'కతబూ' (వారు రాశారు) వంటి బహువచన క్రియ చివర పలకని అలిఫ్ ఒకటి రాస్తారు. ప్రత్యయం రాగానే దాన్ని తీసివేసి 'కతబూహు' అని రాయాలి. 'కతబ్‌తుమ్' (మీరు రాశారు) మాత్రం ప్రత్యయం ముందు ఒక 'ఊ'ను తెచ్చుకుని 'కతబ్‌తుమూహు' అవుతుంది.

ఇప్పుడు 'మా ఉపాధ్యాయులు అతన్ని వారి కారులో చూశారు' అనే వాక్యాన్ని కడదాం. 'ముఅల్లిమూన'లోని చివరి 'న' పోయి, 'నా' చేరి 'ముఅల్లిమూనా' అవుతుంది. చూడడానికి అలిఫ్ ఒక్కటే అదనంగా వచ్చినట్టు కనిపిస్తుంది, కాని అందులోని నూన్ ఉపాధ్యాయుల బహువచనానికి చెందినది కాదు, 'మా' అనే ప్రత్యయానిది. 'రఅవ్' (చూశారు) చివరి పలకని అలిఫ్ పోయి 'రఅవ్‌హు' అవుతుంది. ముందున్నది వావ్ కనుక 'హు' మారదు. 'ఫీ' తరువాత 'సయ్యార' షష్ఠిలో ఉండాలి కాబట్టి, తా మర్బూతా విచ్చుకుని 'సయ్యారతి' అవుతుంది, ఆ 'ఇ' వల్ల 'హుమ్' 'హిమ్' అవుతుంది. మొత్తం కలిపితే: 'ముఅల్లిమూనా రఅవ్‌హు ఫీ సయ్యారతిహిమ్'.