అబ్‌స్ట్రాక్ట్ వెనక్కి వచ్చిందా? ముందు అంకెలు టేబుల్‌తో కలిశాయో లేదో చూడండి

గుంటూరు, విజయవాడల నుంచి పీజీ పిల్లలు పేపర్ పంపే ముందు రోజు నాకు అబ్‌స్ట్రాక్ట్ పంపిస్తుంటారు, "సార్, ఇంగ్లిష్ ఒకసారి చూడండి" అని. చాలాసార్లు ఇంగ్లిష్ బాగానే ఉంటుంది. తప్పు అంకెల్లో ఉంటుంది, అది మాత్రం ఎవరూ చూసుకోరు.

సమస్య: "అబ్‌స్ట్రాక్ట్‌లో చెప్పింది ఫలితాల్లో లేదు" అని రివ్యూయర్ రాశారు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. అబ్‌స్ట్రాక్ట్ ముందు రాశారు, పేపర్ తర్వాత మారింది. మొదటి ఏడాది అయ్యాక సెమినార్ కోసం రాసిన ముక్కనే తెచ్చి, "ఒక ఏడాది" ఉన్నచోట "రెండేళ్లు" అని దిద్ది పెట్టేస్తారు. ఇది నన్నూ ముంచింది. ఎందుకంటే Ctrl+F కొట్టి వెతికితే ఆ అంకె పేపర్‌లో దొరుకుతుంది, దొరికింది కదా అని వదిలేస్తాం, అది ఏ వరుసలో ఉందో చూడం.

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. మిర్చిలో డ్రిప్‌కీ, బోదెల్లో నీరు పారించడానికీ మధ్య రెండేళ్ల పోలిక అనుకోండి. మొదటి ఏడాది ఎండు మిర్చి దిగుబడి హెక్టారుకు డ్రిప్‌లో 5.8 టన్నులు, బోదెల్లో 4.6. అంటే 26 శాతం ఎక్కువ. రెండో ఏడాది 5.0, 4.4. తేడా 14 శాతానికి పడిపోయింది. రెండేళ్ల సగటు 5.4, 4.5, అంటే 20 శాతం. అబ్‌స్ట్రాక్ట్‌లో మాత్రం "రెండేళ్ల ప్రయోగంలో డ్రిప్ వల్ల దిగుబడి 26 శాతం పెరిగింది" అని ఉంది. అంకె అబద్ధం కాదు, టేబుల్ మొదటి వరుసలో ఉంది, కానీ వాక్యం అబద్ధమైపోయింది.

అదే టేబుల్‌లో సీడీ విలువ కూడా చూడాలి, తేడా దాన్ని దాటితేనే సిగ్నిఫికెంట్. రెండో ఏడాది తేడా 0.6, సీడీ 0.8. అంటే ఆ ఏడాది తేడా సిగ్నిఫికెంట్ కాదు. రెండేళ్లూ కలిపిన విశ్లేషణలో తేడా 0.9, సీడీ 0.6, అక్కడ సిగ్నిఫికెంటే. కాబట్టి "రెండేళ్లూ గణనీయంగా పెరిగింది" అని రాయకూడదు, "రెండేళ్ల సగటులో పెరిగింది, రెండో ఏడాది విడిగా చూస్తే తేడా నిలవలేదు" అని రాయాలి. ఆ రెండో ముక్క రాయడానికి పిల్లలు భయపడతారు, పేపర్ బలహీనపడుతుందేమో అని. టేబుల్ ఎలాగూ రివ్యూయర్ ముందే ఉంటుంది కదా, దాచి ఏం లాభం?

పరిష్కారం: అబ్‌స్ట్రాక్ట్ ప్రింట్ తీసి, ప్రతి అంకె కిందా గీత గీసి, పక్కన టేబుల్ నంబరు, వరుస రాయండి. చోటు దొరకని అంకె కొట్టేయండి. శాతాలు కాలిక్యులేటర్‌తో మళ్లీ వేయండి, దేని మీద శాతమో చూసుకోండి. 4.5 మీద 0.9 అంటే 20 శాతం, అదే 5.4 మీద 16.7. ఇదంతా పావుగంట పని. ఇది పిల్లల తప్పే అనుకోకండి. 1999లో జామా పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో పేరున్న వైద్య పత్రికల అబ్‌స్ట్రాక్టులను లోపలి పాఠంతో పోల్చి చూస్తే, పత్రికను బట్టి 18 నుంచి 68 శాతం దాకా సరిపోలనివో, లోపల అసలు లేని సమాచారం ఉన్నవో తేలాయి.

సమస్య: పరిమితి 250 పదాలు, మీది 312

అందరూ ఫలితాల మీదే కత్తెర వేస్తారు. ముందు ఏ భాగానికి ఎన్ని పదాలు పోయాయో లెక్కపెట్టండి. పై పేపర్‌లో నేపథ్యానికి 118, పద్ధతికి 74, ఫలితాలకు 66, ముగింపుకు 54 అయ్యాయనుకోండి. మిర్చి ఎంత ముఖ్యమైన పంటో చెప్పడానికే మూడో వంతు పైగా పోయింది. నేపథ్యాన్ని రెండు వాక్యాలకు, 34 పదాలకు తెచ్చి, ముగింపు 30కి కుదిస్తే, పద్ధతి 80కి, ఫలితాలు 92కి పెంచినా మొత్తం 236. వర్డ్ ఖాళీలను బట్టి లెక్కపెడుతుంది, 5.4 ± 0.3 అని ఖాళీలతో రాస్తే మూడు పదాలు. పోర్టల్ లెక్క కాస్త తేడాగా రావచ్చు, ఆ మిగిలిన 14 పదాలు అందుకే వదిలేయండి.

సమస్య: "అసంపూర్ణంగా ఉంది" అన్నారు

పద్ధతిలో ఎన్ని ఏళ్లు, ఎన్ని రెప్లికేషన్లు, దేనితో పోల్చారు అన్నది ఉందా చూడండి. ఫలితంలో "బాగా పెరిగింది" అని వదిలేయకుండా రెండు పక్కల అంకెలూ ఇవ్వండి. ముగింపులో మీరు కొలవనిది ఉంటే తీసేయండి. ఖర్చు లెక్క వేయని పేపర్‌లో "రైతుకు లాభదాయకం" అన్న మాట నేను ఎన్నిసార్లు కొట్టేశానో.

రిఫరెన్సు పెట్టడం, విడమరచని పొట్టి పేర్లు వాడటం లాంటివి అరుదు. పత్రిక సూచనల పేజీ చూసి దిద్దుకోండి, చాలు.

రివ్యూ తర్వాత పేపర్‌లో ఒక్క టేబుల్ మారినా, ఆ గీతలు గీసిన కాగితం మళ్లీ మొదటి నుంచి చేయాలి.