గడప దాటని వరద బాత్రూంలోంచి ఎలా వచ్చింది?

సమస్య

శ్రీకాకుళంలో నాగావళి పక్క పల్లపు వీధిలో ఒక ఇల్లు ఉందనుకుందాం. రోడ్డు మీంచి 4 అడుగుల ఎత్తున బేస్‌మెంట్ లేపారు. వరద మూడున్నర అడుగులే వచ్చింది, గడప తడవలేదు. అయినా బాత్రూం జాలీ బుడబుడమంది. కాసేపటికి అక్కడ 3 అంగుళాల మురికినీళ్లు నిలిచాయి.

కారణం

హాలుకన్నా బాత్రూం నేల 9 అంగుళాలు దిగువన ఉంది. అంటే రోడ్డు నుంచి 3 అడుగుల 3 అంగుళాలు. సెప్టిక్ ట్యాంకు మునిగితే పైపుల్లో నీళ్లు బయటి వరద మట్టం దాకా లేస్తాయి. మిగిలిన ఆ 3 అంగుళాలే లోపల తేలాయి. బేస్‌మెంట్ ఎత్తు అందరూ హాలు నుంచే కొలుస్తారు. కొలవాల్సింది ఇంట్లో అన్నిటికన్నా కింద ఉన్న జాలీ నుంచి.

పరిష్కారం

కొత్తగా కడుతుంటే పక్కింటి గోడ మీది పాత వరద మరక నుంచి మేస్త్రి ట్యూబ్ లెవెల్‌తో మట్టం తెచ్చుకోండి. దానికి అడుగున్నర కలిపి, బాత్రూం నేలను అక్కడ పెట్టించండి. హాలు దానికి పైన.

కట్టేసిన ఇంటికైతే సెప్టిక్ ట్యాంకుకు వెళ్లే పైపులో, నీళ్లను బయటికి పోనిచ్చి వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ వేయించాలి. వాల్వ్ మీది బాణం గుర్తు ట్యాంకు వైపు ఉండాలి. స్నానం నీళ్లు విడిగా వీధి కాలువలోకి పోతుంటే ఆ పైపుకూ ఒకటి కావాలి.

వాల్వ్ ఉన్నా నీళ్లొస్తే, వాల్వుకీ ఇంటికీ మధ్య ఉన్న చాంబర్ మూత చూడండి. అది నేలమట్టాన ఉంటే వరద అందులోంచే దూరుతుంది. లేదా వాల్వ్ లోపల తెరుచుకుని మూసుకునే రేకు కింద గుడ్డపీలికో వెంట్రుకలో ఇరుక్కుని ఉంటాయి. ఏటా జూన్‌కి ముందు విప్పి కడగాలి. ఇంకో సంగతి, వాల్వ్ మూసుకున్నాక మీరు పోసిన నీళ్లు కూడా బయటికి పోవు. అప్పుడు లెట్రిన్ వాడకం ఆపాల్సిందే. వరద ఉండగా ట్యాంకు ఖాళీ చేయించకండి. చుట్టూ నీళ్లున్నప్పుడు ఖాళీ ట్యాంకు పైకి తేలుతుంది, పైపులు ఊడతాయి.

కరెంటు, బయటపడే దారి

మీటరు, మోటారు స్టార్టరు గేటు గోడకుంటే ముందు మునిగేవి అవే. వాటిని వరండా ఎత్తు మీదికి మార్పించండి.

మేడమెట్లు పెరట్లో నేల మీంచి మొదలైతే మూడున్నర అడుగుల నీళ్లలో దిగితే గానీ మేడ ఎక్కలేరు. మొదటి మెట్టు వరండాలోంచే ఉండాలి, పైతలుపు తాళం ఇంట్లోనే మేకుకు వేలాడాలి. ఊళ్లో చినుకు లేకపోయినా ఒడిశా కొండల్లో కురిస్తే నాగావళి పొంగుతుంది కాబట్టి వాన ఆగిందని ధీమా పడొద్దు. రోడ్డు మీద నీళ్లు మోకాలికి రాకముందే ముసలివాళ్లనీ పిల్లల్నీ పంపేయండి. గేటు ముందు కాలువకి రెండు వైపులా నిలువెత్తు పైపులు పాతి ఎర్ర రంగు వేసి ఉంచండి. మురికినీళ్ల కింద రోడ్డేదో కాలువేదో తెలియదు.