డౌన్‌లోడ్ చేశాం, మరి ఎన్నాళ్లు ఆడుతుంది? (ఫోన్‌లో పాటలు, సినిమాలు: 3వ పాఠం)

పోయిన పాఠంలో ఏ క్వాలిటీలో దించితే ఎన్ని జీబీలు పడుతుందో లెక్క వేశాం. దించుకున్నవి నెట్ లేని చోట ఎన్ని రోజులు ఆడతాయో, ఏ రోజు ఆగిపోతాయో ముందే చెప్పగలగడం ఈ పాఠం పని. పాఠం అయ్యేసరికి మీ ఫోన్‌లో ఉన్న ఏ డౌన్‌లోడ్‌కైనా పక్కన ఒక తేదీ రాసుకోగలగాలి.

ముందు ఒక సంగతి. యాప్‌లో డౌన్‌లోడ్ నొక్కితే ఫోన్‌లోకి రెండు వస్తాయి. ఒకటి సినిమా ఫైలు. అది తాళం వేసిన పెట్టె. రెండోది దాన్ని తెరిచే తాళంచెవి, అంటే లైసెన్స్. పెట్టె ఎన్నాళ్లయినా ఫోన్‌లో పడి ఉంటుంది, జీబీలు తింటూనే ఉంటుంది. గడువు ఉన్నది తాళంచెవికి. ఫైలును కాపీ చేసి ఇంకో ఫోన్‌లో వేస్తే ఆడదు, ఎందుకంటే తాళంచెవి ఆ ఫోన్‌కీ ఆ యాప్‌కీ ముడిపడి ఉంటుంది. యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నా, సెట్టింగ్స్‌లో యాప్ డేటా మొత్తం చెరిపేసినా తాళంచెవి పోతుంది. ఊరికి బయల్దేరే ముందు ఫోన్ స్లో అయిందని యాప్‌లు తీసి వేసుకునే అలవాటు ఉన్నవాళ్లు ఆ పని తిరిగొచ్చాక పెట్టుకోండి.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ తాళం పని ఎక్కువగా గూగుల్ వారి వైడ్‌వైన్ చూస్తుంది, ఐఫోన్లలో యాపిల్ వారి ఫెయిర్‌ప్లే. వైడ్‌వైన్ లైసెన్స్‌ని అడిగితే అది రెండు అంకెలు చెబుతుంది:

```
LicenseDurationRemaining
PlaybackDurationRemaining
```

మొదటిది లైసెన్స్‌కి ఇంకా ఎన్ని సెకన్లు మిగిలిందో చెబుతుంది. రెండోది ప్లే నొక్కాక ఆడించుకోవడానికి ఎంత మిగిలిందో చెబుతుంది. ఇవి మనకు తెర మీద కనిపించవు, యాప్ రాసేవాళ్లకే కనిపిస్తాయి. కానీ గడియారాలు రెండున్నాయని తెలిస్తే సగం అయోమయం తీరిపోతుంది. ఒకటి దించుకున్న క్షణం నుంచే నడుస్తుంది. రెండోది మీరు ప్లే నొక్కేదాకా కదలదు, నొక్కాక ఆగదు.

సినిమాలకు ఇది సూటిగా కనిపించే చోటు అద్దె. ప్రైమ్ వీడియోలో సినిమా అద్దెకు తీసుకుంటే మామూలుగా మొదలుపెట్టడానికి 30 రోజులు, మొదలుపెట్టాక పూర్తి చేయడానికి 48 గంటలు ఇస్తారు. నెట్‌ఫ్లిక్స్‌లో అన్ని సినిమాలకూ ఒకే గడువు ఉండదు, హక్కులు ఎవరివైతే వారి ఒప్పందాన్ని బట్టి మారుతుంది. కొన్ని దించిన 7 రోజులకు అయిపోతాయి. కొన్నింటికి మొదటిసారి ప్లే నొక్కిన దగ్గర నుంచి 48 గంటలే. గడువు 7 రోజుల కన్నా తక్కువ ఉన్నప్పుడే డౌన్‌లోడ్స్ పేజీలో ఆ సినిమా కింద ఎంత మిగిలిందో చూపిస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఏమీ రాసిలేదంటే గడువు లేదని కాదు, వారం కన్నా ఎక్కువ ఉందని మాత్రమే. ఎనిమిది రోజులుందో ఇరవై రోజులుందో ఆ పేజీ చెప్పదు.

పాటల లెక్క వేరు. స్పాటిఫైలో ఒక్కో పాటకు విడిగా గడువు పెట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఆ ఫోన్ 30 రోజులకు ఒక్కసారైనా నెట్‌లోకి వచ్చి కనబడాలి, అంతే. జనవరిలో దించిన పాటైనా నిన్న దించిన పాటైనా గడువు ఒకటే: చివరిసారి యాప్ నెట్‌తో తెరిచిన రోజు నుంచి 30 రోజులు. ఇలా కనబడమనడం ఎందుకంటే, మీ ప్లాన్ ఇంకా నడుస్తోందో లేదో తెలుసుకోవడం ఒకటి. నెట్ లేనప్పుడు మీరు ఏ పాట ఎన్నిసార్లు విన్నారో ఆ వివరం పంపించుకోవడం ఇంకొకటి. కళాకారులకు కట్టే డబ్బు ఆ లెక్క మీదే ఆధారపడుతుంది. నాకైతే ఇది సబబుగానే అనిపిస్తుంది. సినిమాల్లో 7 రోజుల గడువుకు మాత్రం అంత మంచి కారణం నాకు కనిపించదు.

ఇక డివైజ్‌ల సంఖ్య. స్పాటిఫైలో 5 డివైజ్‌ల వరకు దించుకోవచ్చు, ఒక్కోదాంట్లో 10,000 పాటలు. ఆరోదాంట్లో దించితే అడ్డు చెప్పదు. మీరు అన్నిటికన్నా తక్కువగా వాడుతున్న డివైజ్‌లోని డౌన్‌లోడ్‌లు తీసేస్తుంది. నెట్‌ఫ్లిక్స్ అలా కాదు, ముందే ఆపేస్తుంది. అక్కడ సంఖ్య ప్లాన్‌ని బట్టి ఉంటుంది: మన దేశంలోని మొబైల్ ప్లాన్‌కి ఒకటే డివైజ్, స్టాండర్డ్‌కి రెండు, ప్రీమియంకి ఆరు. పరిమితి దాటితే `You have downloads on too many devices` అని వస్తుంది. ఒక డివైజ్‌లో చూసేయడం అయిపోయినా, అందులో డౌన్‌లోడ్‌లు ఉన్నంతకాలం ఆ చోటు నిండినట్టే లెక్క.

ఇప్పుడు ఒక కేసు మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. మారేడుమిల్లి దాటాక లోపలి ఊరిలో ఆశ్రమ పాఠశాలలో పనిచేసే టీచరు ఒకరు అనుకుందాం. హాస్టల్ దగ్గర సిగ్నల్ ఉండదు. జూన్ 1 పొద్దున రాజమండ్రిలో బయల్దేరుతుంది, మళ్లీ వచ్చేది 22 సాయంత్రం. ఫోన్‌లో స్పాటిఫై పాటలు నాలుగు వందలు, జనవరిలో దించినవి. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్. మే 30న ప్రైమ్‌లో అద్దెకు తీసుకుని దించిన సినిమా ఒకటి. కాకినాడలో తమ్ముడి దగ్గర ఒక పాత ట్యాబ్ ఉంది, అందులోనూ ఈవిడ నెట్‌ఫ్లిక్స్ అకౌంటే.

పాటలతో మొదలుపెడదాం. జనవరి తేదీని పక్కన పెట్టండి. ఆవిడ డేటా మిగుల్చుకోవడానికి యాప్‌ని ఎప్పుడూ ఆఫ్‌లైన్ మోడ్‌లోనే వింటుంది. చివరిసారి నెట్‌తో తెరిచింది మే 10న. అంటే జూన్ 9తో పాటలు ఆగిపోతాయి, ఇంకా పదమూడు రోజులు మిగిలి ఉండగానే. మే 31 రాత్రి ఆఫ్‌లైన్ మోడ్ తీసేసి, నెట్ పెట్టి యాప్ తెరిస్తే గడువు జూన్ 30కి జరుగుతుంది. మళ్లీ దించనక్కర్లేదు.

నెట్‌ఫ్లిక్స్ దగ్గరికొస్తే, సినిమా దించబోతే డివైజ్‌లు ఎక్కువయ్యాయని వస్తుంది. ఆ ఒక్క చోటూ కాకినాడ ట్యాబ్ పట్టుకుని కూర్చుంది. తమ్ముడికి ఫోన్ చేసి, ట్యాబ్‌కి నెట్ ఉన్నప్పుడు అందులోని డౌన్‌లోడ్‌లు అన్నీ తీసేయమనాలి. అతను ఎత్తకపోతే బ్రౌజర్‌లో అకౌంట్ పేజీ తెరిచి, డౌన్‌లోడ్ డివైజ్‌ల జాబితాలో ఆ ట్యాబ్‌ని తీసేయవచ్చు. ఇది బయల్దేరే పొద్దున బస్టాండులో చేసే పని కాదు, ముందు రోజే చూసుకోవాలి.

చోటు ఖాళీ అయ్యాక మే 31న మూడు సినిమాలు దించింది. ఒకదాని కింద 6 రోజులని చూపిస్తోంది, అది జూన్ 6తో సరి. మిగతా రెండింటికీ ఏమీ రాసిలేదు. కాబట్టి 22 దాకా ఉంటాయన్న హామీ లేదు, జూన్ 7 దాటుతాయని మాత్రం నమ్మవచ్చు. చూసే వరుస దీన్ని బట్టే వస్తుంది: తేదీ ఉన్నది మొదటి వారంలో, తేదీ లేనివి రెండో వారంలో. గడువైపోయిన దాన్ని నెట్ ఉంటే మళ్లీ పొడిగించుకోవచ్చు, కానీ కొన్ని సినిమాలకు ఏడాదికి ఇన్నిసార్లే అన్న పరిమితి కూడా ఉంటుంది. ఊరికే తీసి మళ్లీ మళ్లీ దించడం అలవాటు చేసుకుంటే అది అక్కడ కొడుతుంది.

అద్దె సినిమాకు మొదలుపెట్టే గడువు జూన్ 29 దాకా ఉంది, కంగారు లేదు. ఆ ట్రిప్పు చివరికి దాచుకోవచ్చు. 20 రాత్రి మొదలుపెడితే 22 రాత్రి దాకా టైముంటుంది.

బయల్దేరే ముందు రాత్రి ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి అన్నీ ఆడుతున్నాయో లేదో చూసుకోమని చాలామంది చెబుతారు. పాటలకు ఇది మంచి సలహా. సినిమాలకు మాత్రం ఆలోచించి చేయండి. అద్దె సినిమాను పరీక్షకని పది సెకన్లు ఆడించినా రెండో గడియారం మొదలైపోతుంది, 48 గంటల్లో అది పోతుంది. టీచరమ్మ మే 31 రాత్రి అలా చేసి ఉంటే, జూన్ 2 రాత్రికి ఆ సినిమా ఫైలుగా మిగులుతుంది తప్ప ఆడదు. సినిమాల విషయంలో డౌన్‌లోడ్ పూర్తయిందన్న గుర్తు ఉందా, గడువు ఎంత చూపిస్తోంది అన్నంత వరకే చూసి వదిలేయండి.

ఊళ్లో ఉండగా ఏదైనా ఆగిపోతే ఫోన్ తేదీ వెనక్కి తిప్పి చూద్దామనిపిస్తుంది. చేయకండి. లైసెన్స్ చూసే వ్యవస్థలు గడియారం వెనక్కి తిరిగిందా అని గమనించుకునేలా కట్టినవి. అలా తిప్పితే ఇంకా గడువున్న మిగతావి కూడా నెట్ వచ్చేదాకా మొరాయించవచ్చు. అదే కారణంగా, ఎప్పుడో ఆటోమేటిక్ తేదీ ఆపేసి తప్పు తేదీతో నడుపుతున్న ఫోన్ అయితే దించుకునే ముందే సరిచేసుకోండి.

ఇంకో చిన్న మెలిక డబ్బు దగ్గర ఉంది. ఆవిడ స్పాటిఫై ప్లాన్ జూన్ 12న రెన్యూ కావాలి, ఆటోపే బ్యాంకు ఖాతా నుంచి. డబ్బు కట్ చేసే ముందు వచ్చే మెసేజ్ సిగ్నల్ లేని ఫోన్‌కి చేరదు. ఖాతాలో బ్యాలెన్స్ లేక పేమెంట్ ఆగిపోయినా ఆ సంగతి ఫోన్‌కి తెలిసే దారి లేదు. 22 సాయంత్రం రాజమండ్రిలో నెట్ తగిలి యాప్ అడిగాకే ప్లాన్ లేదని తేలుతుంది, అప్పుడు నాలుగు వందల పాటలూ పోతాయి. బయల్దేరే ముందు ఖాతాలో ఆ నెల డబ్బు ఉంచడం గడువు లెక్కలో భాగమే అనుకోండి.

అభ్యాసం. మీ ఫోన్‌లో డౌన్‌లోడ్‌లున్న యాప్‌లన్నీ తెరిచి, ఒక్కోదానికీ కాగితం మీద మూడు రాయండి: చివరిసారి నెట్‌తో తెరిచిన తేదీ, వస్తువుకు విడిగా గడువు ఉంటే అది, ఈ అకౌంట్‌తో దించుకున్న మిగతా డివైజ్‌లు. ఆ తర్వాత ఈ లెక్క చేయండి. టీచరమ్మ స్పాటిఫై అకౌంట్‌తో ఇప్పటికే 5 డివైజ్‌లలో పాటలున్నాయి. ఆవిడ ఫోన్ జూన్ 1 నుంచి నెట్‌లోకి రాలేదు, మిగతా నాలుగూ రోజూ వాడుతున్నారు. జూన్ 15న తమ్ముడు తన కొత్త ఫోన్‌లో అదే అకౌంట్‌తో పాటలు దించాడు. జూన్ 16న హాస్టల్‌లో ఆవిడ పాటలు ఆడతాయా? 22 రాత్రి రాజమండ్రిలో నెట్ పెట్టాక? రెండింటికీ కారణంతో సహా జవాబు రాయండి. వచ్చే పాఠం, ఒకే అకౌంట్‌ని ఇంట్లో నలుగురు వాడుకోవడం, అక్కడి నుంచే మొదలవుతుంది.