రూక్ ఇచ్చి బిషప్ తీసుకోవచ్చా? ఎలా తేల్చుకోవాలి?

రూక్‌కి 5 పాయింట్లు, బిషప్‌కి లేదా గుర్రానికి 3. కాబట్టి రూక్ ఇచ్చి ఇలాంటి చిన్న పావును తీసుకునే ఎక్స్ఛేంజ్ శాక్రిఫైస్ చేస్తే 2 పాయింట్లు పోతాయి. బదులుగా ఒక బంటు దొరికితే లోటు సగం తగ్గుతుంది. బంటు కూడా దక్కనప్పుడు ఏం చూసి రూక్ ఇవ్వాలి? కష్టమైన ప్రశ్న ఇదే. దీనికి 1953 జ్యూరిక్ క్యాండిడేట్స్ టోర్నమెంట్‌లో రెషెవ్‌స్కీ మీద పెట్రోసియన్ నల్లపావులతో ఆడిన 25వ ఎత్తు కంటే మంచి పాఠం నాకు తెలియదు. బోర్డు మీద పావులు పెట్టుకుని చదవండి.

తెలుపు: రాజు g1, క్వీన్ f4, రూక్‌లు e3, e1, బిషప్‌లు g4, b2, బంట్లు a3, c3, d4, e5, g2, h2.
నలుపు: రాజు g8, క్వీన్ e8, రూక్‌లు e7, d8, గుర్రం c6, బిషప్ g6, బంట్లు a5, b5, c4, f7, g7, h7.

మొదట, రూక్ ఇవ్వకపోతే ఏమవుతుందో చూడండి. తెలుపు e6 తోసి దారులు తెరవాలని చూస్తోంది. దాన్ని ఆపడానికి నల్ల రూక్ e7లో కాపలా కాస్తోంది. దూరం నుంచి కొట్టాల్సిన పావు ఒక బంటుకి అడ్డంగా నిలబడి ఉంది, అంటే ఇక్కడ దాని విలువ 5 కాదు. పైగా గుర్రం వెళ్లాల్సిన దారి కూడా e7 మీదుగానే. మీ రూక్ మంచి ఫైల్‌లో హాయిగా పనిచేస్తుంటే మాత్రం ఇక్కడితో ఆగిపోండి, శాక్రిఫైస్ అవసరం లేదు.

పెట్రోసియన్ 25...Re6 ఆడాడు. g4 బిషప్ ఈ రూక్‌ని కొట్టొచ్చు. కొట్టకపోయినా e బంటు ఆగింది, గుర్రానికి e7 ఖాళీ అయింది.

ఇప్పుడు అసలైన పరీక్ష. మిగిలే చిన్న పావు ఏ గడిలో కూర్చుంటుందో వేలు పెట్టి చూపించాలి. "పొజిషన్ బాగుంటుంది" అనుకుంటే సరిపోదు. ఇక్కడ ఆ గడి d5. అక్కడి గుర్రాన్ని ఎవరు కదిలించగలరో ఒక్కొక్కటిగా చూద్దాం. తెల్ల e బంటు e5 దాకా వచ్చేసింది, వెనక్కి వెళ్లలేదు. c3 బంటుకి c4లో నల్ల బంటు అడ్డం. తెలుపుకి గుర్రాలు లేవు. తెల్ల గడుల బిషప్ రూక్‌ని కొట్టి తానూ పోతుంది, మిగిలిన b2 బిషప్‌ది నల్ల గడుల దారి. ...fxe6 తర్వాత e6 బంటు d5కి కాపలా. కాబట్టి ఆ గుర్రాన్ని కొట్టాలంటే తెలుపు రూక్‌నో క్వీన్‌నో ఇచ్చుకోవాల్సిందే. తెలుపుకి ఒక్క గుర్రం మిగిలి ఉన్నా దాన్ని d5 గుర్రంతో మార్చేసేది, అప్పుడు ఈ లెక్కంతా తలకిందులయ్యేది. అందుకే ప్రత్యర్థికి మిగిలే చిన్న పావులను తప్పకుండా లెక్కపెట్టండి.

తర్వాత ప్రత్యర్థి రూక్‌ల వైపు చూడండి. తెల్ల రూక్‌లు e ఫైల్‌లో తమ e5 బంటు వెనకే చిక్కుకున్నాయి. f ఫైల్ తెరుచుకుంది, నిజమే. కానీ f7 మీద g6 బిషప్, e8 క్వీన్ కాపలా ఉన్నాయి. లోపలికి రావడానికి గడి లేకపోతే తెరిచిన ఫైల్‌తో పెద్ద లాభం లేదు. నేను వాడే చిట్కా ఒకటి చెప్తాను: మనసులో మీ ఎత్తులు ఆపేసి ప్రత్యర్థికి వరసగా మూడు ఎత్తులు ఇవ్వండి. ఆ మూడింటిలో అతని రూక్ 7వ వరుసలోకి దూరగలిగితే మీ శాక్రిఫైస్ మీద అనుమానపడాలి.

రూక్ ఇచ్చాక మిగిలిన రూక్‌ని జాగ్రత్తగా దాచుకోవాలి. ఇక్కడ నేనే దెబ్బ తిన్నాను. ఒక గేమ్‌లో c3లో గుర్రాన్ని రూక్‌తో కొట్టి, బంట్ల వరస చెడగొట్టానన్న సంతోషంలో రెండో రూక్‌నీ మార్చేసుకున్నాను. ఇక ప్రత్యర్థి రూక్‌కి బోర్డులో ఎదురే లేకుండా పోయింది. పెట్రోసియన్‌కి d8 రూక్ మిగిలే ఉంది.

చివరగా, ప్రత్యర్థి ఎక్స్ఛేంజ్ తిరిగి ఇచ్చేస్తే ఎలా ఉంటుందో ముందే చూసుకోవాలి. బలమైన ఆటగాళ్లు తరచూ అదే చేస్తారు. ఆట ఇలా సాగింది:

```
26.a4 Ne7 27.Bxe6 fxe6 28.Qf1 Nd5
29.Rf3 Bd3 30.Rxd3 cxd3 31.Qxd3 b4
```

రెషెవ్‌స్కీ 30వ ఎత్తులో రూక్ తిరిగి ఇచ్చి ఒక బంటు ఎక్కువ తెచ్చుకున్నాడు. అయినా d5 గుర్రం కదల్లేదు, నల్ల b బంటు b2 దాకా నడిచింది. 41వ ఎత్తుకి డ్రా. శాక్రిఫైస్‌కి ముందు నలుపు ఊపిరాడని స్థితిలో ఉంది కాబట్టి ఈ డ్రాతో పెట్టిన ఖర్చు పూర్తిగా తిరిగొచ్చినట్టే. అదే ఎత్తు మీరు బాగున్న పొజిషన్‌లో ఆడి డ్రా చేసుకుంటే మాత్రం అర పాయింట్ పోగొట్టుకున్నట్టు.