ఒక్క క్లయింటు సెషన్ మాత్రమే సమయం దాటుతున్నప్పుడు: శిక్షణలో ఉన్న కౌన్సెలర్‌కు సూపర్విజన్ నోట్స్

సమస్య

మీ రిజిస్టరులో ప్రతి సెషన్ మొదలైన సమయం, ముగిసిన సమయం రాసే గడులను ముందుగా చూడండి. అందరి సెషన్లూ 50 నిమిషాలు దాటిపోతుంటే అది చాలావరకు అలవాటుకు సంబంధించిన లోపం, గడియారం పెట్టుకుంటే సర్దుకుంటుంది. మిగతావారందరివీ వేళకు ముగుస్తూ ఒక్కరిది మాత్రమే వారం వారం సాగుతుంటే, కారణాన్ని గడియారంలో కాక మీకూ ఆ క్లయింటుకూ మధ్య నడుస్తున్న సంబంధంలో వెతకాలి.

నా పర్యవేక్షణలో పనిచేసిన ఒక యువకుడి అనుభవాన్ని, ఎవరినీ గుర్తుపట్టడానికి వీల్లేకుండా వివరాలు మార్చి, ఇక్కడ చెబుతున్నాను. క్లయింటు 58 ఏళ్ల స్త్రీ. భర్త పోయి రెండేళ్లయింది, ఒక్కగానొక్క కొడుకు అమెరికాలో ఉన్నాడు. మొదటి నాలుగు సెషన్లు వరుసగా 52, 60, 65, 75 నిమిషాలు నడిచాయి. ఈలోగా ఆ యువకుడు ఆమెకు తన సొంత ఫోను నంబరు ఇచ్చాడు, ఆమె సున్నుండలు తెచ్చింది, ఆమె అపాయింట్‌మెంటు ఎవరూ అడగకుండానే సాయంత్రం చివరి గంటకు మారింది. తర్వాత ఎవరూ రారు కాబట్టి ఆలస్యమైనా ఇబ్బంది ఉండదని అతను అనుకున్నాడు, కానీ ఆ ఏర్పాటు తాను ఎందుకు చేశాడో తనను తాను అడగలేదు.

కారణం

సెషన్ చివరి పది నిమిషాల సంభాషణను మాట పొల్లుపోకుండా రాసుకుని రమ్మన్నాను. అందులో ఈ రెండు వాక్యాలు మూడుసార్లు కనిపించాయి. ఆమె కుర్చీలోంచి కదలకుండా, "నీకు ఆలస్యమవుతోందేమో బాబూ, నేను వెళ్తాను" అంటుంది. అతను వెంటనే, "పర్వాలేదమ్మా, కూర్చోండి" అంటాడు. వెళ్తానన్నది ఆమె, ఉండమని అడిగింది అతను. ఆ క్షణంలో సెషన్‌ను పొడిగించినది క్లయింటు కాదు.

ఆమె వెళ్లాక ఏం చేస్తావని అడిగితే, కొంచెం ఆలోచించి, "బస్టాపుకు నడుస్తూ మా అమ్మకు ఫోన్ చేస్తానండీ" అన్నాడు. మిగతా రోజుల్లో వారానికి ఒకసారి కూడా చేయడు. ఊళ్లో ఒంటరిగా ఉంటున్న తల్లి విషయంలో అతనికి ఉన్న అపరాధభావం ఈ గదిలోకి వచ్చి కూర్చుంది. క్లయింటు పట్ల కౌన్సెలర్‌లో కలిగే ఇటువంటి స్పందననే కౌంటర్‌ట్రాన్స్‌ఫరెన్స్ అంటాం. 1910లో ఫ్రాయిడ్ దీన్ని వైద్యుడు గుర్తించి అధిగమించవలసిన అడ్డంకిగా చూశాడు. 1950లో మనోవిశ్లేషకురాలు పౌలా హైమన్ మాత్రం, అది క్లయింటు మనసును తెలుసుకునే సాధనం కూడా అవుతుందని వాదించింది. మనకు రెండు చూపులూ కావాలి, ఎందుకంటే ఆ యువకుడి అపరాధభావంలో సగం అతని ఇంటి నుంచి వచ్చినదైతే, మిగతా సగం ఆమె మాట తీరు ఎదుటివారిలో పుట్టించేది. కొడుకు కూడా ఫోను పెట్టేయలేక సతమతమై, చివరికి ఫోను చేయడమే తగ్గించి ఉండవచ్చు. ఇది ఊహే, అయినా సెషన్‌లో జాగ్రత్తగా పరిశీలించదగిన ఊహ.

పరిష్కారం

ముందుగా ఈ రెండు సగాలనూ వేరు చేయాలి. మీ తల్లి గురించిన బాధను సొంత థెరపీలో చెప్పుకోవాలి. సూపర్విజన్‌లో అది క్లయింటు పనిని తాకినంత మేరకే చర్చిస్తాం, క్లయింటు ముందు అసలు చెప్పకూడదు. ఆమెకు సంబంధించిన సగాన్ని మాత్రం సెషన్ మధ్యలో, తీరిక ఉన్నప్పుడు, ఆమె ముందుంచవచ్చు: "మనం ఆపే వేళకు మీరు 'నీకు ఆలస్యమవుతోందేమో' అంటుంటారు. ఆ మాట అనేటప్పుడు మీకు లోపల ఎలా ఉంటుంది?"

హద్దుల విషయంలో నేను వరసలను నిషేధించను. పెద్దావిడ 'బాబూ' అనడం మన మాటల్లో సహజం, దాన్ని సరిదిద్దబోతే అవమానించినట్టవుతుంది. మీ నోటి నుంచి వచ్చే 'అమ్మా'ను మాత్రం గమనించుకుని, పేరు చివర 'గారు' చేర్చి పిలవండి. సున్నుండల డబ్బా ఒకసారి తీసుకుని కేంద్రంలో అందరికీ పంచితే హద్దును కొద్దిగా దాటినట్టే తప్ప హాని చేసినట్టు కాదు, కానీ ప్రతివారం వస్తుంటే దాని గురించి మాట్లాడాలి. ఫోను నంబరు సంగతి అంతకన్నా గట్టిది. దాన్ని సెషన్ చివర కాక మొదటి పది నిమిషాల్లోనే, తప్పు మీ మీద వేసుకుని చెప్పాలి: "నా సొంత నంబరు ఇవ్వడం నా పొరపాటు. ఇకపై కేంద్రం నంబరుకే చేయండి. రాత్రివేళ తట్టుకోలేనట్టు అనిపిస్తే టెలీ మానస్ 14416కు చేయండి, 24 గంటలూ పలుకుతారు." ఆమెకు కోపమో చిన్నబుచ్చుకోవడమో వస్తే, దాన్ని విని మాట్లాడటానికి అప్పుడు ఇంకా 40 నిమిషాలు ఉంటాయి.

ముగింపును 40వ నిమిషంలోనే మొదలుపెట్టండి. గడియారం క్లయింటు వెనుక గోడకు ఉంటే మీరు తల తిప్పనక్కరలేదు. "ఇంకా 10 నిమిషాలుంది" అని మామూలు గొంతుతో చెప్పి, ఆ తర్వాత కొత్త గాయాన్ని కెలికే ప్రశ్న వేయకండి. అయినా లేవబోతూ గుమ్మం దగ్గర పెద్ద మాట బయటపెట్టేవారు ఉంటారు. అప్పుడు, "ఇది ముఖ్యమైన విషయం, రెండు నిమిషాల్లో దీనికి న్యాయం చేయలేం, వచ్చే వారం దీనితోనే మొదలుపెడదాం" అని ఆమె చూస్తుండగానే రాసుకుని, మీరు ముందుగా లేవండి. తర్వాతి వారం నిజంగానే దానితో మొదలుపెట్టాలి. శిక్షణలో ఉన్నవారు ఎక్కువగా మరిచేది ఇదే, మరిచిన మరుక్షణం ఇచ్చిన మాటకు విలువ పోతుంది.

ఈ నియమం వర్తించని చోటు

ప్రాణాపాయం కనిపించినప్పుడు గడియారం చూడకూడదు. ఐదవ వారం ఆమె సంచి భుజానికి తగిలించుకుని, "ఇంక బతికి ఏం లాభం బాబూ" అంది. అతను ఆమెను మళ్లీ కూర్చోబెట్టి సూటిగా అడిగాడు: చనిపోవాలన్న ఆలోచన వస్తోందా, ఎలా అని అనుకున్నారా, అందుకు కావలసినవి ఇంట్లో ఉన్నాయా, ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించారా, ఈ రాత్రి మీ దగ్గర ఎవరుంటారు? అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. నిర్దిష్టమైన పథకం లేదు గానీ, భర్త వాడిన నిద్రమాత్రలు బీరువాలో ఉన్నాయని తేలింది. ఆమె ఒప్పుకున్నాక గదిలోంచే తోటికోడలికి ఫోను చేయించి, మాత్రలు ఆ సాయంత్రమే తీసుకెళ్లేలా, రాత్రికి తోడుండేలా, మర్నాడు మానసిక వైద్యుడికి చూపించేలా ఏర్పాటు చేశాడు. నాకు అప్పుడే తెలియజేశాడు. ఆ సెషన్ 95 నిమిషాలు నడిచింది. కారణాన్ని రిజిస్టరులో రాశాడు. తర్వాతి వారం తిరిగి 50 నిమిషాలకే వచ్చాం.

సరిపడిందని తెలిసేది ఎలా

మొదటి రెండు వారాలు పరిస్థితి మరింత చెడినట్టే కనిపిస్తుంది. ఆమె ఒక సెషన్‌కు రాలేదు, వచ్చిన రోజున ముభావంగా కూర్చుంది. ఈ దశలో కొందరు భయపడి మళ్లీ పొడిగిస్తారు. కొందరు ఎదురుదారిలో బిగుసుకుపోయి 46వ నిమిషానికే లేస్తారు, అదీ కౌంటర్‌ట్రాన్స్‌ఫరెన్సే. నేను చూసే గుర్తు క్లయింటు సంతోషం కాదు, ముఖ్యమైన మాట ఎన్నో నిమిషంలో వస్తోందన్నది. పదకొండవ వారం ఆమె 12వ నిమిషంలోనే, "ఫోను పెట్టేస్తానని వాడు అంటే నాకు కోపం వస్తుంది, ఆ కోపం వాడికి వినపడుతుందేమో" అంది. ఆ రోజు రిజిస్టరులో 51 నిమిషాలని ఉంది.